వీశాట్‌లో పింగ్ 1200 వస్తుంటే బ్యాండ్‌విడ్త్ పెంచాలా?

ప్రశ్న: "మాకు బాలానగర్‌లో హెడ్ ఆఫీస్. క్వారీలు, గోడౌన్లు కలిపి 36 చోట్ల వీశాట్ పెట్టాం. పింగ్ 600 ఉంటుందన్నారు, 1200 వస్తోంది. కాటా దగ్గర తూకం చీటీ రావడానికి 15 సెకన్లు పడుతోంది, లారీలు ఆగిపోతున్నాయి. 512 కేబీపీఎస్ నుంచి 1 ఎంబీపీఎస్‌కి మారితే సరిపోతుందని వెండర్ అంటున్నాడు. మారమంటారా?"

సమాధానం:

ఇప్పుడే మారకండి. ముందు ఒక చిన్న లెక్క వేసుకుందాం. కాటా పీసీలో వైర్‌షార్క్ పెట్టి ఒక్క చీటీకి ఎంత డేటా నడుస్తోందో చూడండి. మీరు చెప్పేలాంటి సాఫ్ట్‌వేర్‌లో రానూపోనూ కలిపి 30 కేబీ దాటడం అరుదు. 512 కేబీపీఎస్ మీద అంత డేటా వెళ్లడానికి అర సెకను కూడా పట్టదు. 1 ఎంబీపీఎస్ చేస్తే అందులో పావు సెకను మిగులుతుంది. అంటే 15 సెకన్లు పద్నాలుగు ముప్పావు అవుతుంది. లారీ డ్రైవర్‌కి ఆ తేడా తెలియను కూడా తెలియదు.

మరి ఆ 14 సెకన్లు ఎక్కడ పోతున్నాయి? కొంత దూరం తింటోంది, దాన్ని మనం ఏమీ చేయలేం. ఇంకొంత, నా అంచనాలో సగం, మీ సైట్ మాట్లాడటానికి అనుమతి కోసం ఎదురుచూడటంలో పోతోంది. దీన్ని మాత్రం సరిచేయవచ్చు.

దూరం సంగతి ముందు చూద్దాం. వీశాట్‌లో డేటా అంతా ఉపగ్రహం మీదుగానే వెళ్తుంది. ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మనం సరిగ్గా దాని కింద లేం కాబట్టి ఏటవాలుగా చూస్తాం. ఉదాహరణకు 74 డిగ్రీల తూర్పున ఉన్న ఉపగ్రహానికి హైదరాబాద్ నుంచి దూరం సుమారు 36,150 కిలోమీటర్లు వస్తుంది. కాంతి వేగంతో పైకి వెళ్లడానికి 120 మిల్లీసెకన్లు, మళ్లీ కిందికి దిగడానికి మరో 120. ఒక్క ఎగువ దిగువ ప్రయాణానికి దాదాపు 241 మిల్లీసెకన్లు అనుకోండి. దీన్నే హాప్ అంటాం.

మీది స్టార్ నెట్‌వర్క్. అంటే మీ 36 సైట్లలో ఏదీ ఇంకో సైట్‌తో నేరుగా మాట్లాడదు, ప్రతిదీ వెండర్ కేంద్ర స్టేషన్ అయిన హబ్ గుండానే పోతుంది. క్వారీలో ఉన్న చిన్న డిష్, దానికున్న ఒకటి రెండు వాట్ల ట్రాన్స్‌మిటర్ కలిసి పంపే సిగ్నల్ చాలా బలహీనంగా ఉంటుంది. దాన్ని అందుకోవడానికి అవతల హబ్‌లో పెద్ద డిష్ ఉండాలి. స్టార్ పెట్టడానికి అసలు కారణం ఇదే: ఖర్చంతా హబ్‌లో ఒకచోట పెట్టి, సైట్‌లో సామాను చవకగా ఉంచడం. పింగ్ సైట్ నుంచి హబ్‌కి ఒక హాప్, జవాబు తిరిగి రావడానికి ఇంకో హాప్, కలిపి 482. దీనికి మోడెమ్‌లో ప్రాసెసింగ్, స్లాట్ కోసం, అంటే పంపే వంతు కోసం, కొంచెం ఆగడం, హబ్ నుంచి బాలానగర్ దాకా ఉన్న లీజ్డ్ లైన్ కలిపితే 600 చుట్టూ తేలుతుంది. వెండర్ చెప్పిన 600 అబద్ధం కాదు. కాకపోతే అది సైట్ చేతిలో పంపడానికి స్లాట్ రెడీగా ఉన్నప్పటి మాట.

ఇక్కడే అసలు విషయం ఉంది. హబ్ నుంచి సైట్లకు వచ్చే దారిలో, అంటే ఔట్‌రూట్‌లో, మాట్లాడేది హబ్ ఒక్కటే కాబట్టి గొడవ లేదు. సైట్ల నుంచి హబ్‌కి వెళ్లే ఇన్‌రూట్ మాత్రం ఉమ్మడిది. ఒకే ఫ్రీక్వెన్సీని కాలం వారీగా చిన్న చిన్న స్లాట్లుగా కోసి మీ 36 సైట్లూ, చాలాసార్లు వెండర్‌కున్న వేరే కస్టమర్ల సైట్లూ వాడుకుంటాయి. ఎవరు ఎప్పుడు పంపాలో హబ్ నిర్ణయిస్తుంది. క్లాసులో పిల్లవాడు చెయ్యెత్తి, టీచర్ పేరు పిలిచాకే మాట్లాడినట్టు. అయితే ఈ క్లాసులో చెయ్యి ఎత్తింది టీచర్‌కి కనబడటానికి పావు సెకను, టీచర్ పిలిచింది వినబడటానికి ఇంకో పావు సెకను పడుతుంది.

మీ కాటా పీసీ చాలాసేపు ఖాళీగా ఉండి ఒక ప్యాకెట్ పంపబోయిందనుకోండి. మోడెమ్ ముందుగా "నాకు ఇంత పంపాలి" అని హబ్‌కి రిక్వెస్ట్ పెడుతుంది: 241. హబ్ దాన్ని అందరి రిక్వెస్టులతో కలిపి లెక్కేసి, తర్వాతి ఫ్రేములో చోటు చూసి, కేటాయింపు సందేశం ఔట్‌రూట్‌లో వేస్తుంది: అది సైట్‌కి చేరడానికి 241. అప్పుడు గానీ అసలు ప్యాకెట్ బయలుదేరదు: ఇంకో 241. సర్వర్ జవాబు వెనక్కి రావడానికి మళ్లీ 241. నాలుగు హాప్‌లకే 964 అయింది. హబ్‌లో లెక్క, స్లాట్ కోసం ఆగడం, లీజ్డ్ లైన్ కలిపి ఇంకో 150 నుంచి 250 వేసుకోండి. మీరు చూస్తున్న 1200 సరిగ్గా ఇదే.

ఇది నిజమేనా అని మీరే తేల్చుకోవచ్చు. విండోస్ పింగ్ సుమారు సెకనుకొకటి మాత్రమే పంపుతుంది, అది చాలదు. ఏదైనా సైట్‌కి లైనక్స్ ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి, లింక్ ఒక నిమిషం ఖాళీగా ఉంచి, ఇది కొట్టండి (అడ్రస్ చోట మీ సర్వర్ ఐపీ పెట్టండి):

```
ping -i 0.2 -c 30 10.1.1.10
```

అనుమతి కోసం ఎదురుచూపే కారణమైతే మొదటి వరసలు దాదాపు ఇలా ఉంటాయి:

```
icmp_seq=1 time=1214 ms
icmp_seq=2 time=1018 ms
icmp_seq=3 time=821 ms
icmp_seq=4 time=634 ms
icmp_seq=5 time=607 ms
```

మెట్లు దిగినట్టు 200 చొప్పున తగ్గుతోంది చూశారా? మొదటి ప్యాకెట్ అనుమతి కోసం 600 మిల్లీసెకన్లు మోడెమ్‌లోనే కూర్చుంది. రెండోది 200 తర్వాత వచ్చింది కాబట్టి 400 కూర్చుంది, మూడోది 200. అనుమతి రాగానే మూడూ ఒకేసారి బయటపడ్డాయి. నాలుగోది వచ్చేసరికి స్లాట్లు రెడీగా ఉన్నాయి. ఈ మెట్లు కనిపిస్తే ఇక వేరే కారణం వెతకనక్కర్లేదు. తర్వాత ఇదే `ping -i 10` తో పెట్టండి. ప్రతి ప్యాకెట్టూ 1200 దగ్గరే వస్తుంది, ఎందుకంటే పది సెకన్ల ఖాళీలో హబ్ ఇచ్చిన స్లాట్లు వెనక్కి తీసేసుకుంటుంది. మీకు సెకనుకొకటి పంపే మామూలు పింగ్‌లోనే ఎప్పుడూ 1200 వస్తోందంటే, ఒక్క సెకను కూడా ఉంచకుండా లాగేసుకుంటోందన్నమాట. వెండర్ తన ఇన్‌రూట్ పొదుపు చేసుకోవడానికి ఆ టైమ్‌అవుట్‌ని బాగా తగ్గించి పెట్టి ఉంటాడు. ఇంటర్నెట్ బ్రౌజింగ్‌కి అది చల్తా హై. మీ కాటాకి మాత్రం ప్రాణం తీస్తుంది.

మెట్లు కాకుండా వేరే ఆకారం కనబడితే కారణం కూడా వేరు. ఎక్కువ భాగం 600 వస్తూ మధ్య మధ్యలో ఉన్నట్టుండి 1400, 1900 లాంటివి దూకుతుంటే, అదీ ఉదయం సైట్లన్నీ తెరిచే వేళ ఎక్కువగా ఉంటే, అది అలోహా గుద్దులాట. అలోహా అంటే అనుమతి అడక్కుండా ఏదో ఒక స్లాట్‌లో పంపేయడం. 1970ల మొదట్లో హవాయి యూనివర్సిటీలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీని తొలి రూపాన్ని దీవుల మధ్య రేడియో మీద నడిపింది. వీశాట్‌లో ఇప్పటికీ చాలా సిస్టమ్స్‌లో మొట్టమొదటి రిక్వెస్ట్ గానీ, చిన్న ప్యాకెట్ గానీ ఇలాగే వెళ్తుంది. ఇద్దరు ఒకే స్లాట్‌లో పంపితే రెండూ పాడవుతాయి. బాధేమిటంటే, పాడైన సంగతి సైట్‌కి వెంటనే తెలియదు. హబ్ నుంచి రసీదు రాలేదని అర సెకను పైగా చూసి, ఇంకో యాదృచ్ఛిక విరామం తీసుకుని, అప్పుడు మళ్లీ పంపాలి. అందుకే ఒక్క గుద్దుకి ఆలస్యం ఒకేసారి 700, 800 పెరుగుతుంది.

దీని గణితం చాలా కఠినంగా ఉంటుంది. ఒక్కో స్లాట్‌కి సగటున G ప్రయత్నాలు జరుగుతుంటే, ఒక ప్రయత్నం గట్టెక్కే అవకాశం e^(-G). సగటున పది స్లాట్లకు ఒక ప్రయత్నం ఉంటే 90 శాతం మొదటిసారే వెళ్తాయి. రెండు స్లాట్లకు ఒకటి అయ్యేసరికి 60 శాతమే వెళ్తాయి. స్లాట్‌కి ఒకటి చొప్పున వస్తే 37 శాతం, అదే దాని గరిష్ఠ ఉత్పత్తి. ఆపైన ఎంత ఎక్కువ ప్రయత్నిస్తే అంత తక్కువ వెళ్తుంది, ఎందుకంటే పాడైనవన్నీ మళ్లీ పంపడంతో గుద్దులాట ఇంకా పెరుగుతుంది. కరెంటు పోయి ఒక ప్రాంతంలో సైట్లన్నీ ఒకేసారి ఆన్ అయినప్పుడు నెట్‌వర్క్ కాసేపు కుదుటపడకపోవడానికి ఇదో కారణం. దీనికి మీ సైట్‌లో చేయగలిగిందేమీ లేదు. అలోహా స్లాట్లు పెంచడం గానీ, మీ సైట్లను తక్కువ లోడ్ ఉన్న ఇన్‌రూట్ గ్రూపులోకి మార్చడం గానీ వెండరే చేయాలి. హబ్‌ని పర్యవేక్షించే ఎన్ఎంఎస్ సాఫ్ట్‌వేర్‌లో కొలిజన్ శాతం గంటల వారీగా కనబడుతుంది, ఆ రిపోర్ట్ అడగండి. ఉదయం 9 నుంచి 11 దాకా విడిగా ఇమ్మనండి. రోజంతా సగటు తీస్తే ఆ సమస్య అందులో కలిసిపోతుంది.

వాన పడినప్పుడు కేయూ బ్యాండ్‌లో వచ్చే ఇబ్బంది వేరు. అప్పుడు సిగ్నల్ రీడింగ్ పడిపోతుంది, ప్యాకెట్లు పోతాయి, గట్టిగా కురిస్తే లింకే పడిపోతుంది. ఎండ కాస్తుండగా నిలకడగా 1200 వస్తుంటే దాన్ని వాన మీదకు నెట్టకండి.

ఇప్పుడు మీ చీటీకి వద్దాం. 15 సెకన్లని 1.2తో భాగిస్తే పన్నెండున్నర. అంటే మీ సాఫ్ట్‌వేర్ ఒక చీటీకి వరసగా పన్నెండు సార్లు సర్వర్ దాకా వెళ్లొస్తోందని నా అంచనా. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా ఉండే వరస చెబుతాను, మీ క్యాప్చర్‌తో పోల్చుకోండి. టీసీపీ కనెక్షన్‌కి 1, పాత టీఎల్‌ఎస్ అయితే దానికి 2, సెషన్ చెక్‌కి 1. తర్వాత బండి నంబర్, పార్టీ పేరు, మెటీరియల్, రేటు, పర్మిట్ నంబర్, పర్మిట్‌లో మిగిలిన పరిమాణం, చీటీ నంబర్, చివరికి సేవ్. మొత్తం పన్నెండు. బాలానగర్ ఆఫీస్ ల్యాన్‌లో ఒక్కోటీ ఒక మిల్లీసెకను పడుతుంది కాబట్టి డెవలపర్‌కి ఇది ఎప్పుడూ కంటబడి ఉండదు.

పరిష్కారం రెండు వైపులా ఉంది. వెండర్ వైపు అడగాల్సింది: కాటా ఉన్న సైట్లకు కొంచెం శాశ్వత కేటాయింపు. దీన్ని సీఆర్‌ఏ అంటారు, కొందరు సీఐఆర్ అని కూడా అంటారు. అంటే సైట్ అడిగినా అడగకపోయినా కొన్ని స్లాట్లు దాని పేరు మీద ఎప్పుడూ ఉంటాయి. ఎంత కావాలి? 300 బైట్ల ప్యాకెట్ అంటే 2400 బిట్లు. 16 కేబీపీఎస్ ఇస్తే అది 150 మిల్లీసెకన్లలో వెళ్లిపోతుంది. అనుమతి కోసం ఆగే 600 కంటే ఎంతో నయం. పైగా ఇంకా పంపాల్సింది ఉంటే, ఆ రిక్వెస్ట్ కూడా ఇదే ప్యాకెట్‌తో కలిసి వెళ్తుంది. 8 కేబీపీఎస్ ఇస్తే 300 మిల్లీసెకన్లు, అది కొంచెం బిగువు.

36 సైట్లకీ 16 చొప్పున అడిగితే 576 కేబీపీఎస్ ఇన్‌రూట్ రాత్రింబవళ్లు మీ పేరు మీద లాక్ అయిపోతుంది, వెండర్ బిల్లు అలాగే వేస్తాడు. అన్నిటికీ వద్దు. ఒకవేళ కాటాలు 12 చోట్లే ఉన్నాయనుకుంటే 192 సరిపోతుంది. గోడౌన్లలో రోజుకి రెండుసార్లు స్టాక్ పంపేవాళ్లకి 1200 వల్ల నష్టమేమీ లేదు, వాళ్లని అలాగే వదిలేయండి. దీనితో పాటు ఆ ఖాళీ టైమ్‌అవుట్‌ని కాటా సైట్లకు మూడు నాలుగు సెకన్లకు పెంచమనండి. చీటీ మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా స్లాట్లు చేతిలోనే ఉంటాయి. ఈ రెండూ చేస్తే 15 సెకన్లు 8 చుట్టూ వస్తుంది.

అంతకంటే తగ్గాలంటే సాఫ్ట్‌వేర్ ముట్టుకోవాల్సిందే. కనెక్షన్‌ని ప్రతి చీటీకీ తెరిచి మూయకుండా తెరిచే ఉంచితే మొదటి మూడూ పోతాయి. బండ్లు, పార్టీలు, మెటీరియల్, రేట్లు ఉదయం ఒకసారి కాటా పీసీలోకి దించుకుంటే ఇంకో నాలుగు పోతాయి. సెషన్ చెక్, పర్మిట్, మిగిలిన పరిమాణం, చీటీ నంబర్, సేవ్: ఈ ఐదింటినీ సర్వర్‌లో ఒకే ప్రొసీజర్‌గా కట్టేస్తే ఒక్కసారి వెళ్లొస్తే చాలు. కుదరక మూడు నాలుగు మిగిలినా చీటీ 3 సెకన్ల లోపే వస్తుంది. చీటీ నంబర్ హెడ్ ఆఫీస్ ఇవ్వాలనే రూల్ గురించి మీ అకౌంట్స్ వాళ్లతో ఒకసారి మాట్లాడండి. ప్రతి కాటాకీ సొంత సిరీస్ ఇస్తే నంబర్ అక్కడికక్కడే పడుతుంది. అప్పుడు పర్మిట్ చెక్ తప్ప దేనికీ లారీ ఆగనక్కర్లేదు, వివరాలు వెనకాల నింపాదిగా వెళ్తాయి. లింక్ పడిపోయినా కాటా ఆగదు. నన్నడిగితే మొత్తంలో ఇదే పెద్ద లాభం.

వీశాట్ మీద చిన్న లావాదేవీలు నడవవని ఎవరైనా అంటే నమ్మకండి. మన హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీలో 1999లో బ్యాంకుల కోసం మొదలైన ఇన్ఫినెట్ నెట్‌వర్క్ వీశాట్ మీదే నడిచింది, హబ్ కూడా ఇక్కడే. ఏటీఎం లావాదేవీ అంటే ప్రధానంగా ఒక ప్రశ్న, ఒక జవాబు. ఒక్కసారి వెళ్లొచ్చే పనికి ఒక సెకను ఆలస్యాన్ని ఎవరూ పట్టించుకోరు. పన్నెండు సార్లు తిరిగే పనికే టెన్షన్.

ఇంకొక్కటి తప్పకుండా చూడండి. సైట్‌లో ఫైర్‌వాల్ పెట్టి అక్కణ్నుంచి బాలానగర్‌కి ఐపీసెక్ టన్నెల్ వేశారా? వీశాట్ మోడెమ్‌లో టీసీపీ యాక్సిలరేషన్ అని ఒకటి ఉంటుంది. అది దూరపు సర్వర్ తరఫున ఇక్కడే రసీదులు ఇచ్చేస్తుంది కాబట్టి, కనెక్షన్ త్వరగా మొదలై ఫైళ్లు ఊపందుకుంటాయి. టన్నెల్ మోడెమ్‌కి ముందే మొదలైతే దానికి టీసీపీ హెడర్ కనబడదు, అది చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఒక సంస్థలో భద్రత కోసం టన్నెల్ వేసిన వారం నుంచి రిపోర్టులు దిగడం లేదని ఫిర్యాదులు మొదలయ్యాయి. లింక్‌లో ఏ మార్పూ లేదు, యాక్సిలరేషన్ కౌంటర్లు మాత్రం సున్నాకి పడిపోయాయి. అప్లికేషన్‌కే టీఎల్‌ఎస్ వాడితే హెడర్ బయటే ఉంటుంది, యాక్సిలరేషన్ పనిచేస్తుంది. టీఎల్‌ఎస్ 1.3 అయితే పరిచయాలకు రెండు రౌండ్ల బదులు ఒకటే. టన్నెల్ తప్పదంటే మోడెమ్‌లోనే ఎన్‌క్రిప్షన్ ఉందేమో వెండర్‌ని అడగండి.

క్వారీ నుంచి గోడౌన్‌కి ఐపీ ఫోన్ మాత్రం ఈ లింక్ మీద పెట్టకండి. స్టార్‌లో అది రెండు హాప్‌లు. ఒకవైపే 482, పైన మాటని డేటాగా మార్చే కోడెక్ ఆలస్యం. ఐటీయూ జీ.114 సిఫార్సులో పైహద్దు 400. ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగడం, అదే జరుగుతుంది. హెడ్ ఆఫీస్‌తో అయితే ఒకే హాప్ కాబట్టి నెట్టుకురావచ్చు.

వెండర్‌కి మెయిల్ రాసేటప్పుడు "స్లోగా ఉంది" అని రాయకండి. ఆ మెట్ల పింగ్ జతచేసి, ఒక్క కాటా సైట్‌కి 16 కేబీపీఎస్ సీఆర్‌ఏ, మూడు సెకన్ల టైమ్‌అవుట్ పెట్టి వారం చూపించమని అడగండి. పెట్టామని వాళ్లు చెప్పాక ఆ సైట్ నుంచి మళ్లీ `ping -i 10` కొట్టండి. 650 దగ్గరకు వస్తే సీఆర్‌ఏ పడినట్టు. 1200 అలాగే ఉండి, సెకనుకొకటి పంపే పింగ్‌లో మొదటిది తప్ప మిగతావి 600కి దిగితే, టైమ్‌అవుట్ మాత్రమే మార్చి సీఆర్‌ఏ పెట్టలేదన్నమాట. ఆ రెండు అవుట్‌పుట్లూ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.